స్మడ్జ్ సెల్స్ అంటే ల్యాబు తప్పా? 25 రోజుల్లో నాన్న హిమోగ్లోబిన్ 11.8 నుంచి 6.8కి పడిపోయింది

ఏనుమాముల_పత్తి | ఆగస్టు 3, రాత్రి 9.42

మాది హన్మకొండ. నాన్నకు 72 ఏళ్ళు, బరువు 60 కిలోలు. ఏనుమాముల మార్కెట్లో పత్తి కాంటాల దగ్గర ముప్పై ఏళ్ళు లెక్కలు రాశారు. రెండేళ్ళ క్రితం కంటిలో శుక్లాలు తీయించే ముందు రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు 31,000 ఉన్నాయి. హైదరాబాద్‌లో ఫ్లో సైటోమెట్రీ చేసి సీఎల్‌ఎల్ అనే రక్త క్యాన్సర్ అని తేల్చారు. మందులేవీ ఇవ్వలేదు. మూడు నెలలకోసారి రక్తం చూపించుకుంటే చాలన్నారు, చూపిస్తున్నాం.

జులై 8న చేసిన పరీక్షలో హిమోగ్లోబిన్ 11.8, తెల్లకణాలు 46,000, ప్లేట్‌లెట్లు 1,62,000. ఆయన ఎప్పటిలాగే పొద్దున్నే పాలప్యాకెట్ తేవడానికి నడిచి వెళ్ళేవారు. జులై 24 ప్రాంతంలో కళ్ళు పచ్చబడ్డాయి. పక్కింటివారు కామెర్లన్నారు. ఊళ్ళో పసరు పోసే ఒకరి దగ్గరికి మా చిన్నాన్న తీసుకెళ్ళాడు. వారం పైన పసరు, చప్పిడి కూడు. నీరసం పెరిగిందే కానీ తగ్గలేదు. నిన్న మేడమెట్లు ఆరు ఎక్కి కూర్చుండిపోయారు.

నిన్నటి రిపోర్టు: హిమోగ్లోబిన్ 6.8, తెల్లకణాలు 58,000, లింఫోసైట్లు 86 శాతం, ప్లేట్‌లెట్లు 1,48,000. మొత్తం బిలిరుబిన్ 4.1, ఎస్‌జీపీటీ 28. కింద ‘స్మడ్జ్ సెల్స్ ఎక్కువగా ఉన్నాయి’ అని రాశారు. అనుమానం వచ్చి ఇంకో ల్యాబులో చేయించాను. అక్కడ లింఫోసైట్లు 61 శాతమే, స్మడ్జ్ సెల్స్ 25 అని ఇచ్చారు. హిమోగ్లోబిన్ మాత్రం అదే.

నా ప్రశ్నలు రెండు. స్మడ్జ్ అంటే మరక అని అర్థం చూశాను, అంటే రక్తం తీయడంలోనో స్లైడు చేయడంలోనో పాడుచేశారా? రెండోది, ఇక్కడ చూపించిన డాక్టరు జబ్బు మూడో దశకు వచ్చింది, మందులు మొదలుపెట్టాలి అన్నారు. నెల తిరక్కుండానే ఇంత ముదురుతుందా?

కాజీపేట_జంక్షన్ | ఆగస్టు 3, రాత్రి 10.05

బాబూ, కంగారు పడకు. ఈ సీజన్లో మా వీధిలో ఇంటికొకరికి ఉన్నాయి ఈ జ్వరాలు. ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయి కదా, బొప్పాయి ఆకు రసం పూటకు రెండు చెంచాలు పట్టించు. మా కోడలికి నాలుగు రోజుల్లో లక్ష దాటాయి.

ఏనుమాముల_పత్తి | ఆగస్టు 3, రాత్రి 10.11

పెద్దాయనా, జ్వరం లేదండి. ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయి. పడిపోయింది హిమోగ్లోబిన్. ఆకు రసాలు ఇప్పటికే ఒకటి అయ్యాయి.

పరకాల_కుర్రాడు | ఆగస్టు 3, రాత్రి 10.30

అన్నా, నేను నర్సింగ్ మూడో ఏడాది. మీ డాక్టరు చెప్పింది సరిగ్గానే ఉంది. రాయ్ పద్ధతిలో హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే మూడో దశ, ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గితే నాలుగో దశ. మూలుగ నిండా లింఫోసైట్లు పేరుకుంటే ఎర్రకణాలకు చోటు ఉండదు. మూడో దశ వచ్చాక ఆగకూడదు, చికిత్స మొదలుపెట్టాల్సిందే. ముందు రెండు బ్యాగుల రక్తం ఎక్కించండి, నీరసం తగ్గుతుంది.

గాజుపలక | ఆగస్టు 3, రాత్రి 11.20

ముప్పై రెండేళ్ళు పాథాలజీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ముందుగా ఒక మాట. నాన్నగారికి కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తోందా? గుండెలో నొప్పి ఉందా? ఏ ఒక్కటి ఉన్నా ఇది చదవడం ఆపి ఈ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 72 ఏళ్ళ గుండెకు 6.8 తక్కువ బరువేమీ కాదు.

లేకపోతే మీ మొదటి ప్రశ్న. ల్యాబు తప్పు చేయలేదు. రక్తపు చుక్కను స్లైడు చివర వేసి, ఇంకో స్లైడు అంచుతో దాన్ని సన్నని పొరలా లాగుతాం. మామూలు కణాలు ఆ ఒరిపిడిని తట్టుకుంటాయి. సీఎల్‌ఎల్ లింఫోసైట్లు తట్టుకోలేవు, ఎందుకంటే కణాన్ని లోపల నుంచి పట్టి ఉంచే వైమెంటిన్ అనే ప్రొటీను వాటిలో తక్కువ. కాబట్టి లాగేటప్పుడే చితికిపోతాయి. రంగు వేసి చూస్తే కణం ఆకారం ఉండదు, ఊదారంగు సిరా చుక్క మీద తడి వేలు పెట్టి జరిపినట్టు ఒక మరక కనిపిస్తుంది. అది మీ నాన్నగారి ఒంట్లో లేదు. ఒంట్లో ఆ కణం నిక్షేపంగా ఉంది. గాజు మీదికి వచ్చాకే చితికింది. గుంప్రెక్ట్ ఛాయలు అని పాత పుస్తకాల్లో ఉండేవి ఇవే.

రెండు ల్యాబుల్లో అంకెలు ఎందుకు తేడా వచ్చాయో చూడండి. మొదటి చోట యంత్రం గొట్టంలోని రక్తాన్నే లెక్కపెట్టింది, అక్కడ కణాలు చితకలేదు, 86 వచ్చింది. రెండో చోట ఒక మనిషి సూక్ష్మదర్శినిలో చూసి వంద లెక్కపెట్టారు. 61 నిలిచి ఉన్న లింఫోసైట్లు, 25 చితికినవి. ఆ చితికినవీ లింఫోసైట్లే. 61, 25 కలిపితే 86. ఇద్దరూ ఒకే మాట చెప్పారు!

అసలు సంగతి రెండో ప్రశ్నలో ఉంది. దానికి నాకు మరికొన్ని కావాలి: కొత్తగా పుట్టిన ఎర్రకణాల లెక్క చెప్పే రెటిక్ కౌంట్, బిలిరుబిన్‌లో డైరెక్ట్ ఎంత ఇండైరెక్ట్ ఎంత, కణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్, డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష. ఇవి రేపు పొద్దున్నే చేయించండి. మలం నల్లగా వస్తోందేమో కూడా అడగండి. ఇవి రాకముందు స్టెరాయిడ్ మొదలుపెట్టవద్దు, రక్తం ఎక్కించే ముందే కూంబ్స్ నమూనా తీయించండి.

పరకాల_కుర్రాడు | ఆగస్టు 3, రాత్రి 11.34

మేడమ్, 11 లోపు అంటే మూడో దశ అని పాఠంలో స్పష్టంగా ఉంది కదా. అంకె 6.8 అయ్యాక ఇంకా ఎందుకు వెతకాలి?

గాజుపలక | ఆగస్టు 4, ఉదయం 6.15

పట్టిక సరిగానే చదివావు నాయనా. పట్టిక వేసేది ఎముక మూలుగ నిండిపోయి రక్తం తగ్గినవారికి. ఈయనకు ఎందుకు తగ్గిందో మనకింకా తెలియదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. జులై 8 నుంచి ఆగస్టు 2 వరకు 25 రోజులు. జులై 8 సాయంత్రమే మూలుగ పూర్తిగా మూతపడి ఒక్క ఎర్రకణం కూడా తయారుచేయలేదనుకో. రోజుకు 120వ వంతు చొప్పున 25 రోజుల్లో పోయేది 21 శాతం. 11.8లో అది తీసేస్తే 9.3 మిగలాలి. ఈయనకు ఉన్నది 6.8. అంటే తయారీ ఆగిపోవడం ఒక్కటే దీన్ని చెప్పలేదు. కణాలు ఎక్కడో కారిపోతున్నాయి లేదా ఒంట్లోనే నాశనమవుతున్నాయి. పైగా కళ్ళు పచ్చబడ్డాయి, ఎస్‌జీపీటీ 28. కాలేయం చెడి వచ్చే కామెర్లలో ఆ అంకె వందల్లోకి వెళ్ళడం మామూలు. పసరు పోసినవారికి కళ్ళ పచ్చదనం కనిపించింది, దాని వెనక ఉన్నది కనిపించలేదు.

మూలుగ నిండిపోవడం నెలల మీద జరిగే పని. తెల్లకణాలు 46,000 నుంచి 58,000కు పెరగడం అలాంటి కూలిపోవడానికి సరిపోయే కారణం కాదు.

భూపాలపల్లి_ఇంటి_నుంచి | ఆగస్టు 4, ఉదయం 8.50

మా అమ్మకు తొమ్మిదేళ్ళుగా సీఎల్‌ఎల్. నాలుగేళ్ళ క్రితం ఎవరో కూంబ్స్ పరీక్ష చేయించారు, పాజిటివ్ అని వచ్చింది. ఇంట్లో ఏడుపులు. హైదరాబాద్‌లో చూపిస్తే, హిమోగ్లోబిన్ 11.5 మీద నిలకడగా ఉంది, రెటిక్ మామూలు, బిలిరుబిన్ మామూలు, ఏమీ చేయనక్కర్లేదన్నారు. ఇప్పటికీ పాజిటివ్‌గానే ఉంది, అమ్మ చక్కగా ఉంది. కాబట్టి ఆ ఒక్క పరీక్ష చూసి భయపడకండి.

గాజుపలక | ఆగస్టు 4, ఉదయం 9.10

సరిగ్గా చెప్పారు. కూంబ్స్ పాజిటివ్ అంటే ఎర్రకణం ఒంటికి యాంటీబాడీ అంటుకుని ఉందని మాత్రమే. ఆ కణం చస్తోందా లేదా అన్నది మిగతా మూడు చెబుతాయి. తిరగేసి కూడా జరుగుతుంది, కణాలు చితికిపోతున్నా కూంబ్స్ నెగెటివ్ వచ్చేవారు కొందరుంటారు. అందుకే నాలుగూ కలిపి అడిగాను.

ఏనుమాముల_పత్తి | ఆగస్టు 4, సాయంత్రం 6.25

ఆయాసం నడిస్తేనే, కూర్చుంటే లేదు. మలం మామూలుగానే ఉంది. పొద్దున ఆసుపత్రిలో చేర్చాం. రిపోర్టులు ఇవి: రెటిక్ 14 శాతం. బిలిరుబిన్ 4.1లో ఇండైరెక్ట్ 3.4. ఎల్‌డీహెచ్ 780. కూంబ్స్ పాజిటివ్, 3 ప్లస్, ఐజీజీ, సీ3డీ రెండూ. హిమటోక్రిట్ 20. ఎంసీవీ 112. ఎంసీవీ చూసి ఒకరు బీ12 లోపం అన్నారు. హైదరాబాద్ హెమటాలజిస్టుతో ఫోనులో మాట్లాడారు, ఆటోఇమ్యూన్ హిమోలిసిస్ అనుకుంటున్నామన్నారు. స్లైడు మళ్ళీ చూడమని మీరు చెబితే చెప్పిస్తాను.

గాజుపలక | ఆగస్టు 4, సాయంత్రం 7.02

స్లైడు మళ్ళీ చూసి స్ఫెరోసైట్లు ఉన్నాయా అని అడగండి. ఎర్రకణం నడుమ తెల్లగా పలచబడి ఉంటుంది కదా. యాంటీబాడీ అంటిన కణాన్ని ప్లీహం ఒక పక్క కొరికి వదిలేస్తుంది. మిగిలింది ముడుచుకుని చిన్నదై, నడుమ తెలుపు లేకుండా, గట్టిగా అద్దిన కుంకుమ బొట్టులా కనిపిస్తుంది. మరకల మీదే కన్ను నిలిచిపోయి వీటిని చూడకపోవడం నేనెన్నిసార్లు చూశానో! నా విద్యార్థుల స్లైడు పరీక్షలో నేను పెట్టే ఉచ్చు కూడా అదే.

14 శాతాన్ని అలాగే చదవకూడదు. కణాలే తక్కువున్నప్పుడు శాతం పెద్దదిగా కనిపిస్తుంది. హిమటోక్రిట్ 20ని మామూలుగా ఉండాల్సిన 45తో భాగించి 14తో గుణిస్తే 6 శాతం దాటింది. అయినా ఎక్కువే. అంటే ఆయన మూలుగ చచ్చిపోలేదు, ఎదురు పోరాడుతోంది. కొత్తగా వచ్చే రెటిక్ కణాలు పరిమాణంలో పెద్దవి, అందుకే ఎంసీవీ 112. బీ12 అనుమానం తప్పు కాదు, చూసుకోవచ్చు, కానీ ఇక్కడ దాని అవసరం పెద్దగా లేదు. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఇవ్వాలి, మూలుగ ఇంత వేగంగా పనిచేస్తుంటే నిల్వలు అయిపోతాయి.

ఇదే నేను చెప్పదలచుకున్నది. సీఎల్‌ఎల్ ముదిరి హిమోగ్లోబిన్ తగ్గడం ఒకటి, సీఎల్‌ఎల్ వల్ల ఒంటి రక్షణ దారి తప్పి సొంత ఎర్రకణాలను తినేయడం ఇంకొకటి. రెంటికీ రిపోర్టులో కనిపించే అంకె ఒకటే, మందు వేరు, భవిష్యత్తు కూడా వేరు. రెండోదాన్ని మూడో దశ అని రాస్తే దారి తప్పిన ఆ రక్షణను అణిచే స్టెరాయిడ్ రోగికి ఆలస్యమవుతుంది.

పరకాల_కుర్రాడు | ఆగస్టు 4, సాయంత్రం 7.20

ఒప్పుకున్నాను మేడమ్. కానీ ఒక సందేహం. చెడ్డ కణాలే ఆ యాంటీబాడీని తయారుచేస్తున్నాయనుకుంటే, ఆ కణాలను చంపడమే కదా అసలు మందు? స్టెరాయిడ్ ఎందుకు?

గాజుపలక | ఆగస్టు 4, సాయంత్రం 7.48

చాలామంది అలాగే అనుకుంటారు. ఎక్కువమందిలో ఆ యాంటీబాడీని తయారుచేసేది సీఎల్‌ఎల్ కణం కాదు. మంచి బీ కణాలే చేస్తాయి. సీఎల్‌ఎల్ కణాలు మధ్యలో నిలబడి, సొంతదీ పరాయిదీ తేల్చే కాపలాను గందరగోళ పరుస్తాయి. అందుకే తెల్లకణాల సంఖ్యకూ హిమోలిసిస్‌కూ పొంతన ఉండదు. 20,000 ఉన్నవారికీ రావచ్చు, రెండు లక్షలున్నవారికి రాకపోవచ్చు. కణాలను తగ్గించే మందు అవసరమయ్యేవారూ ఉంటారు. స్టెరాయిడ్‌కు లొంగకపోతే అప్పుడు ఆ మాట వస్తుంది.

అన్నట్టు, పాత మందు ఫ్లుడారబిన్ ఒక్కటే ఇచ్చినవారిలో ఇదే హిమోలిసిస్ రేగి ప్రాణాలమీదికి వచ్చిన సందర్భాలున్నాయి. మూడో దశ అనుకుని తొందరపడడం ఎందుకు మంచిది కాదో చెప్పడానికి ఇదీ ఒక కారణం.

రాత్రి_డ్యూటీ | ఆగస్టు 5, తెల్లవారుజామున 2.30

బ్లడ్‌బ్యాంకులో పనిచేస్తాను. పైన ఎవరో రెండు బ్యాగులు ఎక్కించండి అన్నారు, అది అంత తేలిక కాదు. ఈ యాంటీబాడీ ఒక్క గ్రూపు రక్తాన్ని వెతుక్కోదు, అందరి ఎర్రకణాలకూ అంటుకుంటుంది. బ్యాగులోని రక్తం రోగికి కలుస్తుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ చేస్తే ఫ్రిజ్‌లో ఉన్న ప్రతి బ్యాగూ గడ్డ కడుతుంది. రోగి సొంత కణాలతో చేసినా గడ్డే. వేకువన నాలుగింటికి పదకొండో బ్యాగు కూడా కలవలేదని చెబితే, బంధువులు మా మీదికి వస్తారు.

మాకు భయం అది కాదు. ఈ యాంటీబాడీ సందడిలో ఇంకో అసలైన యాంటీబాడీ దాక్కుని ఉంటుందేమోనని. ఇంతకు ముందు రక్తం ఎక్కించుకున్నవారికి, కాన్పులైన ఆడవారికి అది ఉండే అవకాశం ఎక్కువ. మీ నాన్నకు ఇంతకు ముందు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు మాకు ముందే రాసి పంపితే సగం పని తేలిక. పెద్ద బ్యాంకుల్లో రోగి కణాలతోనే ఆ యాంటీబాడీని పీల్చేసి, మిగిలిన సీరంలో ఏముందో చూస్తారు. అది గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకున్నవారికి పనికిరాదు.

ఏనుమాముల_పత్తి | ఆగస్టు 5, ఉదయం 7.15

ఎప్పుడూ ఎక్కించలేదు. నిన్న రాత్రి మొదటి బ్యాంకులో ఏదీ కలవలేదన్నారు. మరి ఎక్కించకూడదా?

రాత్రి_డ్యూటీ | ఆగస్టు 5, ఉదయం 7.40

ఎక్కించకూడదని కాదు. ఆయాసం, గుండెనొప్పి, మగత ఉంటే కలవలేదన్న కారణంతో ఆపకూడదు. ఉన్నవాటిలో తక్కువ గడ్డ కట్టేది, ఆర్‌హెచ్, కెల్ అనే రక్త రకాలు కుదిరేది చూసి ఒక్క బ్యాగు, నెమ్మదిగా, మొదటి పావుగంట మంచం పక్కనే నిలబడి. ఎక్కించిన కణాలు కూడా ఆయన సొంతవాటిలాగే పోతాయి, కానీ గండం గడుస్తుంది. గండం లేకపోతే డాక్టరు స్టెరాయిడ్ మీద ఆగుతారు.

ఇంకో చిన్న సంగతి, మేడమ్‌కు నచ్చుతుంది. మా దగ్గర క్రాస్‌మ్యాచ్‌కు వాడే 22 శాతం అల్బుమిన్ సీసా ఉంటుంది. నాలుగైదు చుక్కల రక్తంలో ఒక చుక్క అది కలిపి స్లైడు లాగితే స్మడ్జ్ సెల్స్ దాదాపు కనిపించవు. పక్క ల్యాబువారు అడిగి తీసుకెళ్తుంటారు.

గాజుపలక | ఆగస్టు 5, ఉదయం 8.00

నచ్చింది! కానీ అల్బుమిన్ కలిపిన స్లైడు ఒకటి, కలపనిది ఒకటి, రెండూ ఉంచమనండి. ఎర్రకణాల ఆకారం చూసేది కలపనిదాంట్లోనే.

నర్సంపేట_మిర్చి | ఆగస్టు 5, ఉదయం 11.30

చితకడం అంటే గుర్తొచ్చింది. మా పెదనాన్నకు తెల్లకణాలు 2,40,000 ఉన్నప్పుడు పొటాషియం 7.4 అని వచ్చింది. రాత్రికి రాత్రి డయాలసిస్ అన్నారు. ఈసీజీ మామూలుగా ఉంది, ఆయన మంచంమీద కూర్చుని పెసరట్టు అడుగుతున్నారు. ఒక చిన్న డాక్టరమ్మ వచ్చి, పట్టీ బిగించకుండా మళ్ళీ రక్తం తీసి, గొట్టాన్ని కుదపకుండా చేత్తో పట్టుకుని తానే ల్యాబుకు నడిచింది. 4.3 వచ్చింది. గొట్టంలో కణాలు పగిలి లోపలి పొటాషియం బయటికి వచ్చిందట. మీ నాన్నకు ఎప్పుడైనా అలాంటి అంకె వస్తే ఇది గుర్తుపెట్టుకోండి.

గాజుపలక | ఆగస్టు 5, మధ్యాహ్నం 12.10

ఆ డాక్టరమ్మకు దండం. ఈసీజీ మారి ఉంటే మాత్రం అది నిజమే అనుకుని వైద్యం చేయాలి.

భూపాలపల్లి_ఇంటి_నుంచి | ఆగస్టు 5, రాత్రి 9.00

నేనొకటి చదివాను. 2009లో అమెరికాలో చేసిన అధ్యయనం. మొత్తం లింఫోసైట్లలో స్మడ్జ్ సెల్స్ 30 శాతం దాటినవారు ఎక్కువకాలం బతికారట. పదేళ్ళకు 80 శాతం మంది, తక్కువున్నవారిలో 50 శాతం మంది. అమ్మ పాత స్లైడు తీయించి లెక్కపెట్టించనా అనుకుంటున్నాను.

ఏనుమాముల_పత్తి | ఆగస్టు 5, రాత్రి 9.18

నాన్నది 86లో 25. అంటే 29 శాతం. ఒక్కటి తక్కువ!

గాజుపలక | ఆగస్టు 5, రాత్రి 9.40

నవ్వొచ్చింది, క్షమించండి. ఆ అధ్యయనం నిజమే, తర్కం కూడా బాగుంది, వైమెంటిన్ తక్కువున్న కణం మెత్తనిది, నెమ్మదైన జబ్బు. కానీ అదే చుక్కను ఇంకొకరు కాస్త గట్టిగా లాగితే 29 కాస్తా 35 అవుతుంది. వందలమందిని కలిపి చూసినప్పుడు పనికొచ్చే అంకె, ఒక మనిషి మీద పెట్టి జాతకం చెప్పేటంత నమ్మకం నాకు లేదు. ఐజీహెచ్‌వీ జన్యువులో మార్పు ఉందా, క్రోమోజోములో 17పీ అనే ముక్క పోయిందా లేదా అన్న పరీక్షలు ఆ పని ఇంతకన్నా బాగా చేస్తాయి.

భూపాలపల్లి_ఇంటి_నుంచి | ఆగస్టు 5, రాత్రి 9.55

మన దగ్గర ఆ పరీక్షలు అందరూ చేయించగలరా మేడమ్? స్లైడు ఖర్చు ఎంత, వాటి ఖర్చు ఎంత? లాగడం ఒక్కలా చేస్తే స్లైడే పేదవాడి పరీక్ష కావచ్చు కదా.

గాజుపలక | ఆగస్టు 5, రాత్రి 10.05

ఆ మాటకు నా దగ్గర మంచి జవాబు లేదు. లాగడం ఒక్కలా చేసే చెయ్యి దొరకడమే కష్టం.

ఏనుమాముల_పత్తి | ఆగస్టు 13, రాత్రి 8.30

ఆలస్యమైంది, క్షమించాలి. స్లైడులో స్ఫెరోసైట్లు ఉన్నాయన్నారు. రక్తం ఎక్కించలేదు. 5వ తేదీ నుంచి ప్రెడ్నిసలోన్ 60 మిల్లీగ్రాములు పొద్దున టిఫిన్ తర్వాత, ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు. హెపటైటిస్ బీ పరీక్షలకు, ఛాతీ ఎక్స్‌రేకు కూడా పంపారు. నిన్న హిమోగ్లోబిన్ 7.9, రెటిక్ 11. సంతోషించేలోపే తెల్లకణాలు 92,000! మందు వికటించిందా?

గాజుపలక | ఆగస్టు 13, రాత్రి 8.52

వికటించలేదు. స్టెరాయిడ్ పడగానే లింఫు గ్రంథుల్లో కూర్చున్న కణాలు రక్తంలోకి వస్తాయి. సంఖ్య పెరిగినట్టు కనిపిస్తుంది, ఒంట్లో మొత్తం సరుకు పెరగలేదు. కొన్ని వారాల్లో దిగుతుంది. హిమోగ్లోబిన్, రెటిక్, బిలిరుబిన్ మూడే చూడండి. ఆయనకు చక్కెర జబ్బు ఉందా?

ఏనుమాముల_పత్తి | ఆగస్టు 13, రాత్రి 9.00

ఉంది, పదేళ్ళుగా మాత్రలు. పొద్దున పరగడుపున చూస్తున్నాం, 118, 124, బాగానే ఉంది.

గాజుపలక | ఆగస్టు 13, రాత్రి 9.06

పరగడుపు అంకె మోసం చేస్తుంది. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసలోన్ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా చక్కెరను ఎత్తుతుంది, తెల్లవారేసరికి దిగిపోతుంది. భోజనం అయిన రెండు గంటలకు చూడండి. ఒక కాలు మాత్రమే వాచినా, పిక్కలో నొప్పి వచ్చినా వెంటనే చెప్పండి, ఈ హిమోలిసిస్‌లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది.

ఏనుమాముల_పత్తి | ఆగస్టు 14, సాయంత్రం 4.10

మధ్యాహ్నం 3.30కు 312. డాక్టరుకు ఫోను చేశాను. ఇన్సులిన్ మొదలుపెట్టారు.

కాజీపేట_జంక్షన్ | ఆగస్టు 14, సాయంత్రం 5.00

అమ్మా గాజుపలకా, మొన్న నేను చెప్పిన బొప్పాయి సంగతి పక్కన పెట్టండి. నాకు 74. నిరుడు కంపెనీ పరీక్షల్లో లింఫోసైట్లు ఎక్కువ, మళ్ళీ చూపించుకోవాలి అని రాసిచ్చారు. ఆ కాగితం బీరువాలో పెట్టాను. తెల్లకణాలు 19,000. నాకే నొప్పీ లేదు. చూపించుకోవాలంటారా?

గాజుపలక | ఆగస్టు 14, సాయంత్రం 5.25

బీరువా తెరవండి అన్నగారూ. కాగితంలో లింఫోసైట్ల శాతం చూసి ఇక్కడ రాయండి, రేపు ఒక సీబీసీ, స్లైడు చేయించండి. ఇన్ఫెక్షన్ వల్ల పెరిగినవైతే ఈపాటికి తగ్గి ఉండాలి.

ఏనుమాముల_పత్తి | సెప్టెంబరు 29, రాత్రి 9.15

ఆగస్టు 26కు హిమోగ్లోబిన్ 10.2. సెప్టెంబరు 8కి 11.1. తెల్లకణాలు 55,000కు దిగాయి. మేడమెట్లు ఎక్కి పిట్టగోడ దగ్గర నిలబడి వీధి చూస్తున్నారు. ప్రెడ్నిసలోన్ మెల్లగా తగ్గిస్తూ 20 మిల్లీగ్రాములకు తెచ్చారు. మొన్నటి పరీక్షలో హిమోగ్లోబిన్ 9.6, రెటిక్ 7 శాతం, ఇండైరెక్ట్ బిలిరుబిన్ 2.1. కళ్ళు ఇంకా పచ్చబడలేదు, అంకెల్లోనే పట్టుబడింది.

ఇక్కడి డాక్టరు మోతాదు మళ్ళీ పెంచుదామంటున్నారు. హైదరాబాద్‌లో బీ కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ మందు వారానికొకటి చొప్పున నాలుగు, లేదా సీఎల్‌ఎల్‌కే మాత్రలు మొదలుపెట్టడం, రెండూ ఆలోచిస్తున్నారు. హెపటైటిస్ బీ పరీక్షల్లో సర్ఫేస్ యాంటిజన్ నెగెటివ్, కోర్ యాంటీబాడీ పాజిటివ్ వచ్చింది. ఏది మంచిది మేడమ్?

గాజుపలక | సెప్టెంబరు 29, రాత్రి 10.20

నేను స్లైడు మనిషిని, ఈ ఎంపిక హెమటాలజిస్టుదే. తెలిసినంత చెబుతాను. స్టెరాయిడ్ తగ్గించగానే మళ్ళీ పడటం తరచుగా జరిగేదే. 72 ఏళ్ళు, చక్కెర, అప్పటికే రెండు నెలలు స్టెరాయిడ్. మళ్ళీ 60కి పెంచి కూర్చోవడం నాకు ఇష్టం లేదు, కొంతకాలానికి తప్ప. మాత్రలంటే రక్తం కారే ముప్పు, గుండె లయ తప్పడం చూసుకోవాల్సిన రకాలున్నాయి, గుండె పరీక్ష లేకుండా మొదలుపెట్టరు.

కోర్ యాంటీబాడీ విషయం మాత్రం గట్టిగా అడగండి. ఎప్పుడో వచ్చి తగ్గిన హెపటైటిస్ బీ కాలేయంలో నిద్రపోతోందని దాని అర్థం. రిటుక్సిమాబ్ ఇస్తే అది లేవవచ్చు. వైరస్‌ను అణచి ఉంచే మాత్ర ముందే మొదలుపెట్టి, రిటుక్సిమాబ్ ఆపాక కూడా నెలల తరబడి, ఏడాది పైన, కొనసాగిస్తారు. ఆ రిపోర్టు హైదరాబాద్ ఫైలులో చేరిందో లేదో మీరే చూడండి.

రాత్రి_డ్యూటీ | సెప్టెంబరు 30, తెల్లవారుజామున 1.45

ఇప్పుడు 9.6 ఉండగానే మీ దగ్గరి బ్లడ్‌బ్యాంకుకు ఒక నమూనా పంపి, నాన్నగారి ఆర్‌హెచ్, కెల్ రకాలు రాయించి పెట్టుకోండి. రక్తం ఎక్కించనివారికి ఈ పని సులువు, ఎక్కించాక కష్టం. ఆ కాగితం పర్సులో పెట్టుకోండి.

ఏనుమాముల_పత్తి | అక్టోబరు 1, ఉదయం 6.10

నిన్న రాయించాను. ఇప్పుడు కాజీపేటలో రైలుకోసం నిలబడ్డాం. ఫైలులో కోర్ యాంటీబాడీ రిపోర్టు లేదు, వరంగల్ ల్యాబులోనే ఉండిపోయింది, రాత్రి తెచ్చుకున్నాను. నాన్న కిటికీ పక్క సీటు కావాలంటున్నారు. కాజీపేట_జంక్షన్ గారూ, మీ లింఫోసైట్ల శాతం ఇంకా రాయలేదు.